పిప్పి తడిగా వస్తుంటే మోటారుని కాదు, ముందు జాలీని చూడండి

ప్రశ్న: మా ఇంట్లో 500 వాట్ల జ్యూసర్ మిక్సర్ గ్రైండర్ ఉంది. క్యారెట్, బీట్‌రూట్, పైనాపిల్, అల్లం, కొంచెం పాలకూర వేసి పొద్దున్నే నలుగురికి జ్యూస్ తీస్తాను. ఈమధ్య పిప్పి బాగా తడిగా వస్తోంది. చేత్తో పిండితే ఇంకా రసం కారుతోంది. జాలీ సగంలోనే మూసుకుపోతోంది. మోటారు మూలుగుతోంది, మొన్న కాలిన వాసన వచ్చి ఆగిపోయింది కూడా. మోటారు వీకైపోయిందా? దీన్ని పక్కన పెట్టి కోల్డ్ ప్రెస్ జ్యూసర్ కొనుక్కోమంటారా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

సమాధానం:

అమ్మా, కొత్త మెషీన్ మాట కాసేపు పక్కన పెట్టండి. మీరు చెప్పిన మూడూ మూడు వేర్వేరు జబ్బులు కావు. ఒకటి మొదలైతే దాని వెనకే రెండోది, దాని వెనకే మూడోది వస్తాయి. రిపేరు బల్ల మీదకి వచ్చే జ్యూసర్లలో చాలావాటికి ఇదే కథ. మోటారు పాడైందని తీసుకొస్తారు, విప్పి చూస్తే మోటారు బాగానే ఉంటుంది, జాలీ నిండా ఎండిపోయిన పీచు ఉంటుంది. మీ మెషీన్ ఎంతదాకా వచ్చిందో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఎలాగో చెప్తాను, కానీ అసలు లోపల ఏం జరుగుతోందో ముందు తెలియాలి.

మీ జ్యూసర్ రసాన్ని పిండదు, విసిరికొడుతుంది. జాలీ గిన్నె అడుగున సన్నటి పళ్ళున్న రేకు ఉంటుంది కదా, పైనుంచి వేసిన ముక్కని అది తురుముతుంది. ఆ తురుము నిమిషానికి వేలసార్లు తిరిగే జాలీ గోడకి వెళ్ళి కొట్టుకుంటుంది. రసం కన్నాల్లోంచి బయటికి పోతుంది, పిప్పి గోడ వెంట పైకి ఎక్కి వెనక డబ్బాలో పడుతుంది. వాషింగ్ మెషీన్ డ్రయ్యర్‌లో బట్టల నీళ్ళు పోయేదీ ఇలాగే. కాబట్టి పిప్పి ఎంత పొడిగా రావాలన్నది రెండిటి మీద ఆధారపడుతుంది. జాలీ కన్నాలు తెరుచుకుని ఉండాలి, జాలీ పూర్తి వేగంతో తిరగాలి.

పీచు ఈ రెండిటినీ దెబ్బ తీస్తుంది. పొడుగాటి పీచు కన్నాల మీద అడ్డంగా పడుకుంటుంది. దాని మీద మెత్తటి గుజ్జు పూతలా అంటుకుంటుంది. ఇక రసానికి దారి ఉండదు. రసం పోని పిప్పి బరువుగా గిన్నెలోనే పేరుకుంటుంది, పైగా ఒక పక్కనే ఎక్కువగా పేరుకుంటుంది. ఆ బరువుని తిప్పాలంటే మోటారు కష్టపడాలి, వేగం తగ్గుతుంది. ఇక్కడే అసలు నష్టం. విసిరే బలం వేగం వర్గాన్ని బట్టి మారుతుంది. అంటే వేగం 30 శాతం తగ్గితే రసాన్ని విసిరే బలం దాదాపు సగానికి పడిపోతుంది. దాంతో పిప్పి ఇంకా తడిగా ఉంటుంది, జాలీ ఇంకా మూసుకుంటుంది, మోటారు ఇంకా మూలుగుతుంది.

మోటారు ఎందుకు వేడెక్కుతుందన్నది కూడా ఇందులోనే ఉంది. ఈ మోటార్లు బరువు పడి నెమ్మదించినప్పుడు కరెంటు ఎక్కువ లాగుతాయి. దాన్ని చల్లబరిచే చిన్న ఫ్యాను కూడా అదే ఇరుసు మీద ఉంటుంది, కాబట్టి మోటారు నెమ్మదిస్తే ఫ్యానూ నెమ్మదిస్తుంది. వేడి ఎక్కువ పుడుతున్న సమయంలోనే గాలి తక్కువ ఆడుతుంది. మీకొచ్చిన కాలిన వాసన అదే అయి ఉండాలి.

ఇప్పుడు పరీక్ష. మీరు రోజూ వేసే మిశ్రమంతో కాకుండా ఒక్క క్యారెట్‌తో చూడండి. గట్టిగా, తాజాగా ఉన్నవి పావు కిలో తీసుకోండి. వాడిపోయి మెత్తబడినవైతే అరగంట చల్లటి నీళ్ళలో నానబెట్టండి, మళ్ళీ గట్టిపడతాయి. మెత్తటి క్యారెట్ సరిగ్గా తురుముకాదు, దాంతో పరీక్షే తప్పుతుంది. జాలీని శుభ్రంగా కడిగి బిగించి, ఖాళీగా రెండు మూడు సెకన్లు తిప్పి, తర్వాత ఒక్కొక్క ముక్కా వేయండి. సుమారు 100 మిల్లీలీటర్ల రసం రావాలి. క్యారెట్‌ని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. వెనక డబ్బాలోంచి గుప్పెడు పిప్పి తీసి పిండండి. చెయ్యి తడై, ఒకటి రెండు చుక్కలు పడితే మీ మెషీన్ బాగున్నట్టే. పూర్తిగా పొడి పిప్పి ఈ రకం జ్యూసర్‌లో ఎప్పుడూ రాదు, అది ఆశించకండి.

క్యారెట్ పిప్పి సన్నగా, పొడిపొడిగా వచ్చి, పైనాపిల్‌కి మాత్రం తడిగా వస్తే తప్పు మోటారుది కాదు, ముక్కలు వేసే పద్ధతిది. క్యారెట్ పిప్పి కూడా తడిగానే వస్తే, పిప్పి సన్నగా ఉందో లేదో చూడండి. సన్నగా ఉండి తడిగా ఉంటే జాలీ కన్నాలు మూసుకున్నాయి. పిప్పిలో చీలికలు, పలుకులు, నమలని ముక్కలు కనిపిస్తే అడుగున ఉన్న పళ్ళు అరిగిపోయాయి. ఏ ముక్కా వేయకుండా ఖాళీగా తిప్పినా మూలుగుతుంటే, అప్పుడు మాత్రం మోటారు దగ్గరికి వెళ్ళాలి. ఈ వరుసలో చూస్తే అనవసరంగా డబ్బు పోదు.

మీ ఉత్తరాన్ని బట్టి నాకు జాలీ మీదే ఎక్కువ అనుమానం. రోజూ కడుగుతున్నాం కదా అనిపిస్తుంది, కానీ కడిగిన జాలీని ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పట్టి తిప్పుతూ చూడండి. వెలుగు అన్ని కన్నాల్లోంచీ ఒకేలా రావాలి. నల్లటి మచ్చలుగా, పట్టీలుగా కనిపించినచోట కన్నాలు మూసుకున్నట్టు. కిటికీ దగ్గర కంటే ట్యూబ్‌లైట్ ముందు ఇది బాగా తెలుస్తుంది. ఇంకో పద్ధతి, జాలీని గిన్నెలా పట్టుకుని కుళాయి కింద పెట్టండి. నీళ్ళు చుట్టూ సమానంగా కారాలి. ఒక పక్క కారుతూ ఇంకో పక్క నిలిచిపోతే అక్కడే అడ్డు ఉంది.

అడ్డు రెండు రకాలు. ఒకటి పీచు, రెండోది నీళ్ళలోని సున్నం. పీచుకి మందు వెంటనే కడగడమే. జ్యూస్ తాగాక కడుగుదామంటే ఆ లోపల పిప్పి ఎండిపోయి బంకలా పట్టేస్తుంది. మెషీన్ ఆపగానే జాలీని గోరువెచ్చని నీళ్ళలో పడేసి, ఆ తర్వాత తీరిగ్గా జ్యూస్ తాగండి. మరిగే నీళ్ళు పోయకండి, జాలీ అంచున ప్లాస్టిక్ ఉంటుంది, అది వంకర పోతే జాలీ ఊగుతూ తిరుగుతుంది. గట్టి నైలాన్ బ్రష్‌తో బయటి వైపు నుంచి లోపలికి తోమండి. ఇది ముఖ్యం. పీచు లోపలి నుంచి బయటికి దూరి ఇరుక్కుంటుంది, మళ్ళీ లోపలి నుంచే తోమితే దాన్ని ఇంకా లోతుకి నెడుతున్నట్టే. చాలామంది చేసేది అదే. స్టీలు పీచు, సూది, పిన్నీసు దగ్గరికి రానివ్వకండి. ఒక్క కన్నం సాగినా అక్కడ పీచు మళ్ళీ మళ్ళీ పట్టుకుంటుంది.

బ్రష్‌తో పోని తెల్లటి పొర ఉంటే అది సున్నం. బోరు నీళ్ళు వాడే అపార్ట్‌మెంట్లలో ఇది త్వరగా పడుతుంది. అర లీటరు గోరువెచ్చని నీళ్ళలో ఒక చెంచా నిమ్మ ఉప్పు కరిగించి, జాలీని 20 నుంచి 30 నిమిషాలు ఉంచి, మళ్ళీ బయటి నుంచి తోమి కడగండి. నారింజ రంగు మరక మిగిలితే అది క్యారెట్ రంగు మాత్రమే, దానివల్ల రసం ఆగదు. ప్లాస్టిక్ భాగాల మీద అది చూడటానికి బాగోలేకపోతే వంట నూనె అద్దిన గుడ్డతో తుడిస్తే పోతుంది. చివరికి జాలీని బాగా ఆరనివ్వండి. మన బీచ్ గాలిలో తేమా ఉప్పూ ఎక్కువ. తడి జాలీని మూత కింద పెట్టి బిగించేస్తే మర్నాటికి పుల్లటి వాసన వస్తుంది, ఇరుసు దగ్గరి ఇనుప భాగాలకి తుప్పు కూడా మొదలవుతుంది.

పళ్ళు అరిగిన జాలీని మాత్రం సాన పట్టించడం కుదరదు. పళ్ళ రేకూ జాలీ ఒకే భాగంగా వస్తాయి, మొత్తం మార్చాల్సిందే. మెషీన్ అడుగున అతికించిన పట్టీ మీద మోడల్ పేరు ఉంటుంది, అది ఫోన్‌లో ఫోటో తీసుకుని, పాత జాలీని కూడా తీసుకుని షాపుకి వెళ్ళండి. దగ్గరగా ఉందని వేరే మోడల్ జాలీ ఇస్తే తీసుకోకండి. కూర్చున్నట్టే కనిపిస్తుంది కానీ కొంచెం ఊగుతుంది, మూతకి రాసుకుంటుంది, మళ్ళీ మోటారు మీదే బరువు.

జాలీ బాగుంటే, ఇక మీరు వేసే వాటి సంగతి. ముందు పైనాపిల్, మీ లిస్టులో జాలీని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది అదే. పైనాపిల్‌ని నిలువునా కోసి పొడుగాటి ముక్కలుగా గొట్టంలో వేయడం సులువు, అందుకే అందరూ అలా చేస్తారు. కానీ మధ్యలో ఉండే గట్టి కాడలో పీచు నిలువునా ఉంటుంది. నిలువు ముక్కలో ఆ పీచు మొత్తం పొడవు అలాగే మిగిలిపోతుంది. పళ్ళు దాన్ని కొయ్యలేక చీలుస్తాయి, ఆ చీలికలు జాలీ మీద పడుకుంటాయి. కాబట్టి కాడని తీసేయండి. దాంట్లో వచ్చే రసం కొంచెమే, తెచ్చే గొడవ ఎక్కువ. పారేయక్కర్లేదు, చారు మరిగేటప్పుడు వేసి తీసేస్తే మంచి వాసన వస్తుంది. మిగిలిన కండలో పీచు కాడ నుంచి బయటి కన్నుల వైపు ఉంటుంది. దాన్ని 2 సెంటీమీటర్ల ఘనాలుగా కోస్తే పీచు ఎటు ఉన్నా పొట్టిదైపోతుంది. కన్నులు లోతుగా తీసేయండి, వాటి దగ్గరి గట్టి భాగం కూడా కన్నాల్లో ఇరుక్కుంటుంది. సీజన్‌లో సీతంపేట ఏజెన్సీ నుంచి వచ్చే చిన్న పైనాపిల్‌కి వాసన, తీపి బాగుంటాయి, అది కొన్నా ఈ పని తప్పదు.

అల్లం పీచు కొమ్ము పొడవునా ఉంటుంది. కాబట్టి అడ్డంగా, రూపాయి బిళ్ళంత పల్చగా కోయండి. లేత అల్లం అయితే ఇబ్బంది తక్కువ, ముదురు అల్లం విరిస్తే పీచు దారాల్లా వేలాడుతుంది, అలాంటిది జ్యూసర్‌కి వద్దు. నిజానికి నలుగురికి కావలసింది ఒక అంగుళం ముక్కే. దాన్ని రెండు చెంచాల నీళ్ళతో చిన్న మిక్సీ జార్‌లో తిప్పి, గుడ్డలో వేసి పిండి, తీసిన జ్యూస్‌లో కలిపేయండి. ఘాటు కూడా మీకు ఎంత కావాలో అంతే వస్తుంది. నేనైతే అల్లాన్ని జ్యూసర్‌లో వెయ్యనే వెయ్యను.

పాలకూర సంగతీ అంతే. ఆకు తేలిక, పళ్ళకి అందకుండా ఎగిరి పిప్పి డబ్బాలో పడుతుంది. కాడలు జాలీకి చుట్టుకుంటాయి. ఆకుని గట్టిగా ఉండలా చుట్టి రెండు క్యారెట్ ముక్కల మధ్య పెట్టి వేస్తే కొంత రసం వస్తుంది, కానీ ఆకులో ఉన్నదాంట్లో ఎక్కువ భాగం పిప్పిలోకే పోతుంది. ఆకుకూర మిక్సీ జార్‌కే బాగుంటుంది. కాడలు తీసేసి, ఆకుల్ని అర గ్లాసు నీళ్ళతో తిప్పి వడకట్టండి. గోధుమ గడ్డి కూడా ఈ జ్యూసర్‌లో వేయకండి.

కాబట్టి మీ పొద్దుటి పని ఇలా చేసి చూడండి. 300 గ్రాముల క్యారెట్, ఒక మామూలు బీట్‌రూట్, పైనాపిల్‌లో సగం కాయ అనుకుందాం. క్యారెట్‌ని వేలు పొడవు ముక్కలుగా, బీట్‌రూట్‌ని వేలు లావు ముక్కలుగా, పైనాపిల్‌ని ఘనాలుగా కోసి పక్కన పెట్టుకోండి. ముందు మెషీన్ ఆన్ చేసి, అది పూర్తి వేగం అందుకునే దాకా ఆగండి. ముక్కలు నింపి ఆన్ చేస్తే మోటారు మొదటి క్షణంలోనే ఆగినంత పని అవుతుంది. మొదట క్యారెట్‌లో సగం వేయండి. తర్వాత పైనాపిల్ నాలుగైదు ముక్కలు, ఒక క్యారెట్ ముక్క, మళ్ళీ పైనాపిల్, ఒక బీట్‌రూట్ ముక్క, ఇలా మారుస్తూ వేయండి. గట్టి ముక్కల తురుము జాలీ గోడని రాసుకుంటూ పైకి వెళ్తుంది, వెళ్తూ పైనాపిల్ గుజ్జుని కూడా తనతో నెట్టుకుపోతుంది. పైనాపిల్ మొత్తం ఒకేసారి వేస్తే నెట్టేది ఏదీ ఉండదు, గుజ్జు గోడకే అంటుకుంటుంది. చివర్లో రెండు క్యారెట్ ముక్కలు మిగుల్చుకుని వాటితో ముగించండి.

వేసేటప్పుడు మీ చెయ్యి చెవి మాట వినాలి. ఖాళీగా తిరుగుతున్నప్పటి శబ్దం గుర్తు పెట్టుకోండి. ముక్క పడగానే అది కొంచెం కిందికి దిగి, ఒకటి రెండు సెకన్లలో మళ్ళీ పైకి వస్తుంది. పైకి వచ్చాకే రెండో ముక్క. శబ్దం దిగిపోయి మళ్ళీ లేవకపోతే నొక్కడం ఆపండి, చెయ్యి తీసేయండి. నొక్కే కర్ర ముక్కని కిందికి పంపడానికే, బలం పెట్టడానికి కాదు. బలంగా నొక్కితే పళ్ళు తురమకుండా పెద్ద చీలికలుగా లాగేస్తాయి, పిప్పి తడిగా రావడానికి ఇదొక్కటే చాలు. ఆఫీసు టైమైపోతోందని తొందరపడే రోజుల్లోనే మోటార్లు కాలేది కూడా ఇందుకే. స్పీడ్ మాత్రం మెషీన్‌తో ఇచ్చిన పుస్తకంలో జ్యూసర్‌కి ఏది చెప్పారో అదే పెట్టండి. మోటారు మీద జాలిపడి గట్టి ముక్కలకి స్పీడ్ తగ్గిస్తే దాన్ని ఇంకా ఇబ్బంది పెట్టినట్టే.

సుమారు అర కిలో ముక్కలు అయ్యాక ఆపేయండి, ప్లగ్ తీసేయండి, మూత తెరవండి. జాలీని ఎంత బాగా కడిగినా, మూత లోపలి వైపు, పిప్పి బయటికి వెళ్ళే దారిలో గడ్డ కట్టిన పిప్పిని చాలామంది చూడరు. అది దిగువకి పెరిగి తిరుగుతున్న జాలీ అంచుకి రాసుకుంటుంది, బ్రేకు వేసి బండి నడిపినట్టు అవుతుంది. గరిటె కాడతో గీకి తీసేయండి. జాలీ గోడకి ఒక పక్కే మందంగా పట్టి ఉంటే దాన్నీ తీసేయండి. మెషీన్ గట్టు మీద అదురుతూ జరుగుతోందంటే ఇలా ఒక పక్క బరువు చేరిందని అర్థం, అప్పుడు అర కిలో దాకా ఆగకుండా వెంటనే ఆపాలి. పైనాపిల్ ఎక్కువున్న రోజు పావు కిలోకే ఒకసారి చూడండి.

ఇంత చేసినా పైనాపిల్ ఉన్న పిప్పి క్యారెట్ పిప్పి కంటే తడిగానే వస్తుంది. ఆ తడి పిప్పిని మళ్ళీ గొట్టంలో పోసి ఇంకోసారి తిప్పే అలవాటు ఉంటే మానేయండి. దాంట్లో పళ్ళు పట్టుకోవడానికి గట్టిది ఏమీ మిగలదు, నేరుగా వెళ్ళి జాలీకి పూత వేస్తుంది. శుభ్రమైన పల్చటి నూలు గుడ్డలో వేసి చేత్తో పిండండి. రెండు నిమిషాల పని, మెషీన్ తీయలేని రసం వచ్చేస్తుంది.

ఇక మొన్న ఆగిపోవడం. మెషీన్ అడుగున చిన్న ఎర్ర బటన్ ఉంటుంది, అది పైకి తేలి ఉందేమో చూడండి. మోటారు మీద మోయలేని బరువు పడినప్పుడు అది కరెంటు ఆపేస్తుంది, మీ మోటారుని కాపాడింది అదే. అలా జరిగినప్పుడు స్విచ్ సున్నాకి తెచ్చి, ప్లగ్ తీసి, జాలీ ఖాళీ చేసి, అరగంట చల్లారనిచ్చి, అప్పుడు బటన్ నొక్కండి. వెంటనే నొక్కి మళ్ళీ నడిపితే లోపల తీగల మీది పూత వేడికి మాడిపోతుంది, రెండు మూడుసార్లు అలా చేస్తే అది ఇక బాగుపడదు. ఎంతసేపు ఆపకుండా నడపొచ్చో అడుగున పట్టీ మీదో పుస్తకంలోనో రాసి ఉంటుంది, దాన్ని దాటకండి. అది మీకు కనబడకపోతే ఒక నిమిషం నడిపి ఒక నిమిషం ఆపడం అలవాటు చేసుకోండి. మెషీన్ ఒంటి మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఫర్వాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆ రోజుకి చాలు. సన్నటి వైరున్న ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి తగిలించి ఉంటే తీసేసి గోడ ప్లగ్‌లోనే పెట్టండి.

మెకానిక్ దగ్గరికి వెళ్ళాల్సిన గుర్తులు వేరే ఉన్నాయి. ఖాళీగా తిప్పినా ఎర్ర బటన్ పైకి తేలి మెషీన్ ఆగిపోతుంటే, గాలి కన్నాల్లోంచి చూస్తే పెద్ద పసుపు మంట వలయంలా కనిపిస్తుంటే, గరగరమని ఇనుము రాసుకునే శబ్దం వస్తుంటే, జాలీ తీసి చూసినప్పుడు ఇరుసు చుట్టూ తడి, గోధుమరంగు జిగురు ఉంటే ఆలస్యం చేయకండి. చిన్న నీలి మెరుపులు మామూలే, కంగారు పడొద్దు. ముందు మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు చూడమనండి. అవి అరిగిపోతే మోటారు బలం లేనట్టే మూలుగుతుంది, అవి మార్చడం తక్కువ ఖర్చు పని. బ్రష్‌లు చూడకుండా మోటారు పోయిందని చెప్పేవాళ్ళని నమ్మి కాయిల్ కట్టించడానికి ఒప్పుకోకండి. ఇరుసు దగ్గర జిగురు ఉందంటే రసం కిందికి దిగుతోందని అర్థం, జాలీ నిండిపోయి రసం పోయే దారి లేనప్పుడు జరిగేది అదే. తుడిచి ఊరుకోకుండా, ఎక్కడి నుంచి దిగుతోందో చూపించుకోండి.

మామిడి గురించి మీరు అడగలేదు కానీ వేసవి వస్తే తప్పక వేస్తారు కాబట్టి చెప్తున్నాను. రసాలు, పీచు మామిడి ఈ జ్యూసర్‌లో వేయకండి. గుజ్జంతా జాలీకి పట్టేస్తుంది, గ్లాసులోకి వచ్చేది కొంచెమే. చేత్తో పిండి వడకట్టడమే మంచిది. అరటి, బొప్పాయి, సపోటా కూడా మిక్సీ జార్‌కే. ఉసిరికాయల్ని గింజ తీసి సన్నగా కోసి, మిక్సీలో తిప్పి గుడ్డలో పిండండి, జ్యూసర్‌లో వేస్తే తడి పొడిలా అయ్యి కన్నాల్లో కూరుకుంటుంది.

కోల్డ్ ప్రెస్ మాటకొస్తే, అది వేరే పద్ధతిలో పని చేస్తుంది. లోపల మరలాంటి స్క్రూ నిమిషానికి సుమారు 40 నుంచి 80 సార్లు మాత్రమే తిరుగుతూ ముక్కని జాలీకి నొక్కి పిండుతుంది. ఆకుకూర, గోధుమ గడ్డి, అల్లం అందులో చాలా మెరుగ్గా వస్తాయి, పిప్పి కూడా పొడిగా ఉంటుంది. కానీ పీచు సమస్య దాంట్లో పోదు. పొడుగాటి పీచు జాలీ మీద పడుకునే బదులు స్క్రూకి చుట్టుకుంటుంది, అది కూడా మూలిగి ఆగిపోతుంది. అందులోనూ పైనాపిల్ కాడ తీయాలి, అల్లం అడ్డంగా కోయాలి, కాడలున్న ఆకుల్ని 2 సెంటీమీటర్లకి తరగాలి. దాని జాలీ కూడా బయటి నుంచి తోమాల్సిందే, కడగాల్సిన భాగాలు ఇంకా ఎక్కువ. రోజూ పాలకూరో గోధుమ గడ్డో ముఖ్యంగా తాగుతుంటే కొనుక్కోండి, ఆ డబ్బుకి తగ్గ పని చేస్తుంది. మీరు రాసిన లిస్టులో ఎక్కువ భాగం క్యారెట్, బీట్‌రూట్, పైనాపిలే కాబట్టి నా మాట అయితే ఇప్పుడు కొనొద్దు. ముందు జాలీని నిమ్మ ఉప్పు నీళ్ళలో పెట్టండి, ఆ తర్వాత పావు కిలో క్యారెట్‌తో పరీక్ష చేయండి. పిప్పి సన్నగా ఉందా, చీలికలుగా ఉందా, పిండితే ఎంత కారింది, ఖాళీగా తిప్పితే శబ్దం ఎలా ఉంది, ఈ మూడూ రాసి పంపితే జాలీ మార్చాలో, బ్రష్‌లు చూపించాలో చెప్తాను.